ఒకే కాగితం మీద రెండు తేదీలు: ఫోటోలో వచ్చిన స్టడీ సర్టిఫికెట్‌ను చదవడం ఎలా

ఇంటర్ ఫలితాలు వచ్చాక గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లోని నెట్ సెంటర్లకు రోజూ పదుల కొద్దీ ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం స్టడీ సర్టిఫికెట్లే. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారో చూపించాలి, స్థానికత తేలేది దాని మీదే. అందుకే ఆ కాగితంలో పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్నా, తేదీ అంకెల్లో ఒకటి అక్షరాల్లో ఒకటి ఉన్నా కౌన్సెలింగ్ రోజు ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముందే చూసి చెప్పగలిగితే బడికి వెళ్లి సరిచేయించుకునే టైమ్ ఉంటుంది.

చూసేవాళ్ల ముందున్న ప్రశ్న చిన్నది. ఈ కాగితంలో ఒక గడిలో రాసింది, అదే సంగతి చెప్పే ఇంకో గడితో కలుస్తోందా లేదా? అంతవరకే. కాగితం అసలుదా, కాదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటుంది గానీ ఫోన్‌లో తీసిన ఫోటోలో ఉండదు. గడులన్నీ చక్కగా కలిసినంత మాత్రాన కాగితం అసలుదని తేలదు. కలవనంత మాత్రాన నకిలీ అనీ తేలదు. గుమాస్తా తొందరలో మార్చి బదులు మే రాసిన నిఖార్సైన సర్టిఫికెట్లు ఎన్ని బీరువాల్లో ఉన్నాయో లెక్కలేదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసినచోటే ఈ పని చెడిపోతుంది.

ఒక సర్టిఫికెట్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లినది, ఇందులోని పేర్లు ఎవరివీ కావు. గుంటూరులోని ఒక హైస్కూల్ అచ్చు వేయించిన ఫారం, ఖాళీలు నీలం పెన్నుతో నింపారు. పైన కుడివైపు తేదీ 14-06-2022, ఎడమవైపు అడ్మిషన్ నంబరు. మధ్యలో పెద్ద వాక్యం: కుమారి V. Sai Harshitha, తండ్రి V. Koteswara Rao, ఈ పాఠశాలలో VI నుంచి X వరకు, 2017-18 నుంచి 2021-22 వరకు చదివారు. ఆ వాక్యం చివర పుట్టిన తేదీ, ముందు అంకెల్లో, పక్కన బ్రాకెట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో. దాని కింద తరగతి, విద్యా సంవత్సరం అని రెండు కాలమ్‌ల పట్టిక, అయిదు వరుసలు. అట్టడుగున నడవడిక గురించి ఒక లైను, అందులో మళ్లీ పేరు. హెడ్మాస్టర్ సంతకం, దాని కింద ఆయన చేత్తో వేసిన తేదీ, సంతకం మీదుగా ఊదా రంగు స్టాంపు.

ఇంత చిన్న కాగితంలో కూడా పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ రెండుసార్లు, చదివిన ఏళ్లు రెండుసార్లు, కాగితం రాసిన తేదీ రెండుసార్లు ఉన్నాయి. ఇలా జంటగా ఉన్నవాటినే పోల్చగలం. తండ్రి పేరు ఒక్కసారే ఉంది కాబట్టి దాన్ని దేనితోనూ పోల్చలేం, చదివి రాసుకోవడమే. అడ్మిషన్ నంబరుదీ అదే సంగతి. చాలామంది ఇక్కడ ఆధార్ కార్డో, టెన్త్ మెమోనో తెచ్చి పక్కన పెడతారు. అదీ అవసరమైన పనే, కానీ అది రెండు కాగితాల మధ్య పోలిక. ముందు ఒక్క కాగితం లోపలి సంగతి తేలకపోతే, మెమోలో ఉన్న తేదీని సర్టిఫికెట్‌లోని ఏ తేదీతో పోల్చాలో కూడా తెలియదు.

మన సర్టిఫికెట్ ఫోటోలో మొదటి చిక్కు పుట్టిన తేదీ దగ్గరే వచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచారు. ఒక మడత సరిగ్గా అంకెల మీదుగా పోయింది. పైగా రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీశారు, మడత గట్టు మీద వెలుగు పడి తెల్లటి చార వచ్చింది. అంకెల్లో 08-0 దాకా కనిపిస్తోంది, ఆ తర్వాతి అంకె పైసగం తెలుపులో కలిసిపోయింది, చివర 2006 స్పష్టంగా ఉంది. పక్కన బ్రాకెట్‌లో అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి: ఎయిత్ మార్చి టూ థౌజండ్ సిక్స్.

ఇక్కడ కన్ను ఏం చేస్తుందో గమనించాలి. మార్చి అని చదివిన కన్ను వెనక్కి వెళ్లి ఆ సగం అంకెను 3 అనే చదువుతుంది. కింద గుండ్రటి వంపు ఉంది, 3కి కూడా అలాంటి వంపే ఉంటుంది, అనుమానం రాదు. అంకెలు 08-03-2006, అక్షరాలు ఎనిమిది మార్చి 2006, కలిసింది అని రాసేస్తారు. నిజానికి అక్కడ రెండు గడులు చదవలేదు. ఒక్క గడిని చదివి, దాన్నే రెండోసారి రాశారు. పొంతన అంటే విడివిడిగా చదివిన రెండు సంగతులు కలవడం. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని పూరిస్తే, అవి ఎప్పుడూ కలుస్తూనే ఉంటాయి.

అందుకే చదివే వరుస ముఖ్యం. అంకెల్ని ముందు చదవాలి, అక్షరాల్ని చూడకముందే. ఫోన్ తెర మీదైతే పెద్దది చేసి అంకెల గడి ఒక్కటే తెర నిండా ఉండేలా జరుపుకుంటే చాలు, పక్కది కనపడదు. కంప్యూటర్ మీదైతే చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టినా సరిపోతుంది. చదివింది వెంటనే రాసుకోవాలి. కనపడని అంకె దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాలి: 08-0?-2006. ఆ తర్వాతే అక్షరాలు చదివి వాటినీ రాసుకోవాలి. రాసుకున్న రెండు లైన్లనీ అప్పుడు పక్కపక్కన పెట్టాలి. ప్రశ్న గుర్తు పెట్టిన చోటుకి వెనక్కి వెళ్లి దాన్ని పూరించకూడదు. ఇద్దరు మనుషులుంటే ఇంకా మంచిది, ఒకరు అంకెలు, ఒకరు అక్షరాలు. రద్దీ రోజుల్లో అది కుదరదు కానీ, గడిని మూసి చదవడానికి పట్టేది కొన్ని సెకన్లే.

ఈ గడికి రాయాల్సిన ఫలితం కలిసింది అనీ కాదు, కలవలేదు అనీ కాదు. చదవలేకపోయాం అని. ఈ మూడో మాటకి చోటు లేని చోట, అంటే ఫారంలో అవును, కాదు అనే రెండే గడులున్న చోట, మసక అంకెలన్నీ అవునులోకి పోతాయి. మూడో గడి ఉంటే పని ఎటు పోవాలో కూడా అదే చెబుతుంది. కలవకపోతే బడికి వెళ్లాలి, చదవలేకపోతే మళ్లీ ఫోటో తీస్తే చాలు.

మళ్లీ తీయమని చెప్పేటప్పుడు ఫోటో బాలేదు అంటే తండ్రి అదే ట్యూబ్‌లైట్ కింద ఇంకోటి తీసి పంపుతారు. ఏం చేయాలో చెప్పాలి. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, కాగితాన్ని మడత విప్పి గట్టి పుస్తకం మీద పరవాలి. ఫోన్ కాగితానికి సమాంతరంగా పట్టాలి, ఫ్లాష్ ఆపాలి, నాలుగు మూలలూ పడాలి. మొత్తం కాగితం ఒకటి, పుట్టిన తేదీ ఉన్న లైను దగ్గర నుంచి ఇంకోటి. లామినేషన్ చేసిన కాగితమైతే వెలుగు పక్క నుంచి వచ్చేలా కొంచెం తిప్పి రెండు మూడు తీయాలి, ఒకదాంట్లో మెరిసిన చోటు ఇంకోదాంట్లో కనపడుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోయి సన్న గీతలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్కానర్ యాప్‌లు కాగితాన్ని నలుపు తెలుపు చేసి అందంగా ఇస్తాయి, కానీ ఈ పనికి అది చేటు. రంగు ఫోటోలో ఊదా స్టాంపు కింద నీలం పెన్ను గీత విడిగా కనపడుతుంది. నలుపు తెలుపులో ఆ రెండూ ఒకే నల్ల మరక, పెన్ను పలచగా నడిచిన చోట గీత మాయమైపోతుంది కూడా.

రెండో ఫోటో మర్నాడు పొద్దున వచ్చింది. మడత సాపు చేసి తీశారు. అంకెల గడిని మాత్రమే పెద్దది చేసి చూస్తే ఎనిమిది, సున్నా, ఆ తర్వాత అంకె. కింద గుండ్రటి వంపు ఉంది. పైన మాత్రం అడ్డగీత, ఆ అడ్డగీత ఎడమ కొస నుంచి చిన్న నిలువు గీత కిందికి దిగి వంపులో కలిసింది. అది 5. అంకెల్లో 08-05-2006, అక్షరాల్లో ఎనిమిది మార్చి 2006. నిన్న కన్ను మాట విని 3 అనుకుని ఉంటే, ఈ తేడా కౌన్సెలింగ్ బల్ల దగ్గర బయటపడేది.

ఇప్పుడు ఏది సరైందో ఊహించాలన్న తొందర ఒకటి మొదలవుతుంది. అక్షరాల్లో రాసేటప్పుడు మనిషి ఆలోచించి రాస్తాడు కాబట్టి మార్చే నిజమని ఒక వాదన. ఇంగ్లిష్‌లో మార్చి, మే రెండూ ఎం, ఏ అనే రెండు అక్షరాలతోనే మొదలవుతాయి, రిజిస్టర్‌లో పొట్టిగా రాసిన నెల పేరును గుమాస్తా తప్పుగా చదివి ఉంటాడు కాబట్టి మే నిజమని ఇంకో వాదన. రెండూ నమ్మేలాగే ఉన్నాయి, అందుకే రెండూ పనికిరావు. వయసు లెక్క వేసి చూద్దామంటే అదీ తేల్చదు. 2017 జూన్‌లో ఆరో తరగతి మొదలుపెట్టేనాటికి, మార్చి అయినా మే అయినా ఆ అమ్మాయికి 11 ఏళ్లు నిండే ఉంటాయి. కాగితం లోపల దొరికేది ఇంతే: రెండు గడులు రెండు నెలలు చెబుతున్నాయి. మూడో గడి ఏదీ పుట్టిన తేదీ చెప్పడం లేదు. ఏది ఉంచాలో రిజిస్టర్ చూసి బడివాళ్లు తేలుస్తారు.

అంకెల తేదీల్లో ఇంకో చిక్కు కంప్యూటర్ మీద టైప్ చేసిన సర్టిఫికెట్లలో వస్తుంది. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. కంప్యూటర్‌లో తేదీ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉండిపోతే నెల ముందుకు వస్తుంది. 14-06-2022 కాస్తా 06-14-2022 అవుతుంది, పద్నాలుగో నెల లేదు కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. 08-05 మాత్రం 05-08 అయినా మామూలు తేదీలాగే ఉంటుంది. అందుకే ఒక కాగితంలో ఒక్క తేదీ తలకిందులుగా కనపడినా, అదే కాగితంలో టైప్ చేసిన మిగతా తేదీలను రెండు విధాలా చదవొచ్చని రాసుకోవాలి. అక్షరాల్లో నెల పేరు ఉంటే పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. లేకపోతే ఆ గడి కూడా మూడో ఫలితంలోకే పోతుంది. అసలు క్యాలెండర్‌లోనే లేని తేదీలు, జూన్ 31, 2006 ఫిబ్రవరి 29 లాంటివి, ఇంకో గడితో పోల్చక్కర్లేకుండానే రాసుకోవచ్చు.

పేరు దగ్గరికి వద్దాం. పైన V. Sai Harshitha అని ఉంది. అడుగున నడవడిక లైనులో Sai Harsitha V అని ఉంది. చూడగానే ఒకే అమ్మాయి అని అందరికీ అనిపిస్తుంది, అయి కూడా ఉంటుంది. కానీ అడిగింది ఒకే అమ్మాయా అని కాదు, రాత ఒకటేనా అని. ఇక్కడ మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి, విడదీస్తే గానీ తేలవు. ఇంటిపేరు అక్షరం ఒకచోట ముందు, ఒకచోట వెనుక. ఇది వరుస తేడా. చుక్క ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఇది లెక్కలోకి రాదు, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మధ్య ఖాళీ లాంటివీ అంతే. మూడోది అసలు తేడా: పైన పేరులో తొమ్మిది అక్షరాలు, కింద ఎనిమిది. ఒక h తగ్గింది.

ఆ తగ్గిన అక్షరం చాలామందికి కనపడదు. హర్షిత తెలిసిన పేరు, కన్ను మొదటి నాలుగక్షరాలు చూసి మిగతాది నోటితో పూర్తి చేస్తుంది. తెలిసిన పేరైతే ఇంకా ప్రమాదం. దీనికి మందు పాతదే, ప్రూఫులు దిద్దేవాళ్లకు తెలిసిందే: పేరును చివరి నుంచి మొదటికి ఒక్కో అక్షరం చదవడం, అక్షరాలు లెక్కపెట్టడం. వెనక నుంచి చదివితే అది పేరు కాదు, అక్షరాల వరుసే, కాబట్టి నోరు సాయం రాదు. పేరును రాసుకునేటప్పుడు కూడా కనపడింది కనపడినట్టే రాయాలి. తప్పు స్పెల్లింగ్ అని తోచినా చేత్తో సరిచేసి రాసుకుంటే, పోల్చడానికి తేడానే మిగలదు.

తెలుగు పేర్లు ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఇలాంటి తేడాలు రాక తప్పదు. త అనే అక్షరానికి ఒకరు t రాస్తారు, ఇంకొకరు th రాస్తారు. లక్ష్మిని Lakshmi అనీ Laxmi అనీ రాస్తారు. శ్రీనివాసరావు ఒక మాటగా, రెండు మాటలుగా, మూడు మాటలుగా కూడా కనపడుతుంది. చెరుకూరి వాళ్ల ఇంటిపేరు అక్షరం ఒకచోట C, ఒకచోట Ch. గుంటూరులో షేక్ అన్న ఇంటిపేరు చాలామందికి ఉంటుంది, అది ఒక గడిలో Shaik అని పూర్తిగా, ఇంకో గడిలో Sk. అని పొట్టిగా ఉండటం మామూలు. వీటిని తెలుగువాళ్లం వెంటనే అర్థం చేసుకుంటాం. అర్థం చేసుకోవడం వేరు, కలిసింది అని రాయడం వేరు. అవతల చివర ఉన్న కంప్యూటర్‌కో, ఇంకో రాష్ట్రంలోని ఆఫీసుకో ఈ అర్థం తెలియదు. కాబట్టి కలిసింది అన్న మాటను అక్షరాలన్నీ ఒకటైనప్పుడే వాడటం మేలు. వరుస తేడా, పొట్టి రాత, స్పెల్లింగ్ తేడా అని మిగతావాటిని వాటి పేర్లతోనే రాస్తే చదివేవాళ్లకు ఎంత తేడానో తెలుస్తుంది.

పొట్టి అక్షరం గురించి ఒక జాగ్రత్త. ఒక గడిలో V. అనీ ఇంకో గడిలో వేములపాటి అనీ ఉంటే, అవి కలిశాయని చెప్పలేం. V అంటే వాసిరెడ్డి కావచ్చు, వల్లభనేని కావచ్చు. చెప్పగలిగింది ఒకటే, ఆ రెండు గడులూ ఒకదానికొకటి అడ్డం రావడం లేదని. తండ్రి ఇంటిపేరు అక్షరం, బిడ్డ ఇంటిపేరు అక్షరం వేరుగా ఉంటే కూడా అంతే, ఏ గడిలో ఏముందో రాయడంతో ఆగాలి. దత్తత, అమ్మమ్మ గారింట పెరగడం, బడిలో చేర్చినవాళ్ల పేరు పడటం, ఇలా ఎన్నో కారణాలుంటాయి. కుటుంబం సంగతి ఫోటో చూసేవాళ్లు ఊహించి రాయాల్సింది కాదు.

చదివిన ఏళ్ల దగ్గర వచ్చే పొరపాటు కాగితంలో కన్నా చూసేవాళ్ల లెక్కలో ఎక్కువ. ఆరు నుంచి పది దాకా అంటే పదిలోంచి ఆరు తీసేస్తే నాలుగు, కానీ తరగతులు అయిదు. మొదటిదీ చివరిదీ రెండూ లెక్కలో ఉంటాయి కాబట్టి ఒకటి కలపాలి. 2017-18 నుంచి 2021-22 కూడా అలాగే: 2021లోంచి 2017 తీసేసి ఒకటి కలిపితే అయిదేళ్లు. అయిదు తరగతులు, అయిదేళ్లు, కలిసింది. అదే బడి జూన్ 2017 నుంచి ఏప్రిల్ 2022 వరకు అని రాసి ఉంటే, ఒకటి కలపకుండానే అయిదేళ్లు వస్తాయి, ఎందుకంటే అక్కడ ఉన్నవి విద్యా సంవత్సరాలు కాదు, మామూలు నెలలు. ఈ రెండు పద్ధతుల్నీ కలిపి 2017 నుంచి 2022 వరకు అని ఊరికే రాసినప్పుడు గందరగోళం వస్తుంది. అది అయిదేళ్లూ కావచ్చు, ఆరూ కావచ్చు. లెక్క వేసే ముందు ఆ అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో రాసుకోవాలి.

మన కాగితంలో పట్టిక కూడా ఉంది కాబట్టి పోలిక సులభం. ఒక్కో వరుస చూడాలి: VI పక్కన 2017-18, VII పక్కన 2018-19, అలా చివరిదాకా. మొదటిదీ చివరిదీ చూసి మధ్యవి వదిలేయడం అలవాటు, కానీ పైనుంచి కిందికి రాసుకుంటూ పోయేవాళ్ల చెయ్యి జారేది మధ్యలోనే. ఒకే ఏడాది రెండు వరుసల్లో పడటం, ఒక ఏడాది ఎగిరిపోవడం రెండూ జరుగుతాయి. చేతిరాతలో VI, IV ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, IX, XI కూడా అంతే. పై వాక్యంలో IV అని చదివితే నాలుగు నుంచి పదికి ఏడు తరగతులు, ఏళ్లు మాత్రం అయిదు. ఇలా లెక్క తప్పినప్పుడు ముందు తన చదువునే అనుమానించి ఆ గడిని ఇంకోసారి పెద్దది చేసి చూడటం న్యాయం. అయినా IV లాగే ఉంటే అలాగే రాయాలి, పట్టికలో VI ఉందని దాన్ని VIగా మార్చకూడదు.

తరగతుల కన్నా ఏళ్లు ఎక్కువైతే వెంటనే కలవలేదు అనేయడానికి లేదు. ఒక తరగతి రెండుసార్లు చదివిన పిల్లలుంటారు, పట్టికలో ఆ తరగతి రెండు వరుసల్లో ఉంటే లెక్క సరిపోతుంది. కరోనా ఏళ్లలో తేదీలు మామూలు వరుసలో లేవు. మన రాష్ట్రంలో 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, 2020-21లో బడులు జూన్‌లో కాక నవంబరులో తెరిచారు. ఆ ఏడాది నవంబరులో చేరినట్టు తేదీ ఉంటే అది వింతగా కనపడుతుంది గానీ గడుల మధ్య తేడా కాదు.

ఇక కాగితం తేదీలు. పైన 14-06-2022, సంతకం కింద 16/6/22. రెండు రోజుల తేడా ఉంది. గుమాస్తా 14న నింపి పెట్టారు, హెడ్మాస్టర్ 16న సంతకం చేశారు అనుకోవచ్చు, చాలా బళ్లలో జరిగేది అదే. అయినా కారణం రాయనక్కర్లేదు, రెండు తేదీలూ రాసి, సంతకం తేదీ తర్వాతదని రాస్తే చాలు. వరుస మాత్రం చూడాలి: పుట్టిన తేదీ, చేరిన ఏడాది, చివరి తరగతి పూర్తయిన ఏడాది, కాగితం రాసిన తేదీ, సంతకం తేదీ. ముందుది తర్వాతదాన్ని దాటకూడదు. ఇక్కడ దాటలేదు.

ఈ పనిలో ఎక్కడ ఆగాలో తెలియడానికి ఒక సందర్భం బాగా పనికొస్తుంది. విజయవాడ బడి నుంచి వచ్చిన ఒక సర్టిఫికెట్ మీద తేదీ 2019 అని, స్టాంపులో ఎన్టీఆర్ జిల్లా అని ఉందనుకుందాం. ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, అంతకుముందు విజయవాడ కృష్ణా జిల్లాలో ఉండేది. చూడగానే గుండె ఝల్లుమంటుంది, దొరికిపోయింది అన్న మాట నోటిదాకా వస్తుంది. కానీ ఇక్కడ పోల్చింది కాగితంలోని రెండు గడుల్ని కాదు. కాగితంలోని ఒక గడిని, మనకు బయట తెలిసిన చరిత్రతో పోల్చాం. పాత కాగితం మీద తర్వాతెప్పుడో ధ్రువీకరణ కోసం కొత్త స్టాంపు వేసి ఉండొచ్చు. వేయకపోయి కూడా ఉండొచ్చు. ఫోటో చూసి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోలేం. దాచిపెట్టడమూ సరికాదు. కాగితం తేదీ 2019, స్టాంపులో ఎన్టీఆర్ జిల్లా అని ఉంది అని రెండు ముక్కలు రాసి, ఆ ప్రశ్న తేల్చే అధికారం ఉన్నవాళ్లకు వదిలేయాలి.

మాటల ఎంపికలో కూడా ఇదే జాగ్రత్త. దిద్దారు అంటే ఎవరో ఒక పని చేశారని చెప్పినట్టు. ఆ అంకె మీద రెండు గీతలున్నాయి, 1గానూ 7గానూ చదవొచ్చు అంటే కనపడింది చెప్పినట్టు. మొదటి మాట ఒక పిల్ల మీద, ఒక కుటుంబం మీద నింద అవుతుంది. తెర మీద వంద శాతం పెద్దది చేసి చూసినా పెన్ను ఆగి మళ్లీ నడిచిందా, సిరా అంటుకుందా, ఎవరైనా దిద్దారా అన్నది తెలియదు. అనుమానాస్పదం, తప్పుడు, తేడాగా ఉంది లాంటి మాటలు నోట్‌లో పడితే, తర్వాత దాన్ని చూసేవాళ్లు ఆ రంగు కళ్లద్దాలతోనే కాగితాన్ని చూస్తారు.

మన సర్టిఫికెట్‌కు చివరికి తయారైన నోట్ ఇలా ఉంది. పుట్టిన తేదీ: అంకెల్లో 08-05-2006, అక్షరాల్లో ఎనిమిది మార్చి 2006, నెల కలవలేదు, రెండో ఫోటోలో రెండు గడులూ స్పష్టం. పేరు: వాక్యంలో V. Sai Harshitha, నడవడిక లైనులో Sai Harsitha V, ఇంటిపేరు అక్షరం చోటు మారింది, రెండో చోట ఒక h లేదు. తరగతులు, ఏళ్లు: వాక్యంలోనూ పట్టికలోనూ అయిదు, కలిశాయి. కాగితం తేదీ, సంతకం తేదీ: 14-06-2022, 16/6/22, వరుసలోనే ఉన్నాయి. తండ్రి పేరు, అడ్మిషన్ నంబరు: ఒక్కోసారే ఉన్నాయి, పోల్చలేదు. ఇది తీసుకుని తండ్రి బడికి వెళితే, ఏ లైను చూపించాలో ఆయనకు తెలుసు, రిజిస్టర్‌లో ఏ పేజీ తీయాలో గుమాస్తాకు తెలుసు. ఇంట్లో ఎవరూ పెన్ను తీసుకుని 5ను 3 చేయకూడదని కూడా ఆయనకు గట్టిగా చెప్పి పంపాలి. మంచి మనసుతో చేసినా, ఆ గీత తర్వాత ఆ కాగితానికి ఎవరూ జవాబు చెప్పలేరు.

నాలుగు రోజుల తర్వాత కొత్త సర్టిఫికెట్ ఫోటో వచ్చింది. రిజిస్టర్ చూసి మార్చి అని ఖాయం చేసి, పాత కాగితం వెనక్కి తీసుకుని, కొత్త ఫారం మీద మొత్తం మళ్లీ రాసిచ్చారు. ఇలాంటప్పుడు పుట్టిన తేదీ ఒక్కటే చూసి సరే అనడం సహజం, అడిగింది అదే కదా అని. కానీ కొత్త ఫారం అంటే ప్రతి ఖాళీ కొత్తగా నింపిందే, పాత కాగితంలో కలిసినవి ఇందులోనూ కలుస్తాయన్న హామీ లేదు. గడులు మూసుకుంటూ మొదటి నుంచి చదివితే, తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ మార్చి 8. పేరు రెండు చోట్లా తొమ్మిది అక్షరాలు, ఇంటిపేరు అక్షరం రెండు చోట్లా ముందే. పట్టికలో అయిదు వరుసలు, చివరిది 2021-22. పై వాక్యంలో మాత్రం ఈసారి 2017-18 నుంచి 2020-21 వరకు అని ఉంది.